అయిదు సమయాలు, ఒక్క వరుస జవాబు

"మనమందరం ఒకసారి ఆన్‌లైన్‌లో కలుద్దాం. మీకు ఎప్పుడు వీలవుతుందో చెప్పండి." ఈ మెయిల్ రాయడానికి నిమిషం చాలు. అందులోని ప్రశ్న తేలడానికి మాత్రం ఒక్కోసారి వారం కూడా చాలదు. ఒకరు "వీకెండ్ అయితే బాగుంటుంది" అంటారు. మరొకరు "బుధవారం తప్ప ఎప్పుడైనా సరే" అని రాస్తారు. ఇంకొకరు "మీరంతా ఎప్పుడంటే అప్పుడే" అని వదిలేస్తారు. నాలుగో మనిషి అసలు పలకరు. వచ్చిన మూడు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానితో ఒకటి పోల్చడానికే వీలుండదు. ఈలోగా మొదట జవాబిచ్చినవారి శనివారం ఇంకెవరో పట్టేసుకుంటారు.

తప్పు ఆ నలుగురిదీ కాదు. "ఎప్పుడు వీలు?" అని అడగడమంటే, రాబోయే రోజులన్నీ తిరగేసి, ఖాళీలు వెతికి, వాటిని వాక్యాలుగా రాసి పంపమనడమే. పని ఎక్కువున్నవాళ్లకు ఇది కూర్చుని చేయాల్సిన పని. కాబట్టి "రాత్రికి చూద్దాం" అని పక్కన పెడతారు. అలా పక్కన పెట్టిన మెయిల్ కిందికి జారిపోతుంది. అదే మెయిల్‌లో అయిదు సమయాలిచ్చి, కుదిరే వాటి నంబర్లు రాయమంటే, ఇద్దరు పేషెంట్ల మధ్య దొరికిన అర నిమిషంలో డాక్టరు ఫోన్‌లోనే "1, 2, 4" అని కొట్టి పంపేయగలరు. వెతికే శ్రమంతా పిలిచేవారు ముందే పడితే, పిలుపు అందుకున్నవారికి మిగిలేది అవునా కాదా అని చూసుకోవడమే.

ఆ శ్రమ ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

తెనాలిలోని ఒక హైస్కూలు స్వర్ణోత్సవ సంచిక తెస్తోందని అనుకుందాం. సంపాదక వర్గంలో అయిదుగురు. మీటింగ్ ఏర్పాటు చేసే బాధ్యత హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే పూర్వ విద్యార్థినిది. మిగతా నలుగురిలో ఒకరు తెనాలిలోనే ఉంటున్న రిటైర్డ్ హెడ్మాస్టరు. ఒకరు విజయవాడలో డాక్టరు. ఒకరు డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, ఇంకొకరు లండన్‌లో లెక్చరర్. 2026 మార్చిలో వీళ్లంతా 45 నిమిషాల పాటు ఆన్‌లైన్‌లో కలవాలి. ఏ వ్యాసాలు ఉంచాలి, ఎన్ని పేజీలు వేయాలి అన్న రెండు విషయాలు తేల్చాలి.

ఆమె మొదట చేయాల్సింది మెయిల్ రాయడం కాదు, అందరిలోకీ తక్కువ వీలున్న మనిషిని గుర్తించడం. ఇక్కడ అలాంటివారు ఇద్దరున్నారు. డాక్టరుకు ఆదివారం తప్ప రోజూ సాయంత్రం క్లినిక్ ఉంటుంది, అది ఎనిమిదింటికి ముగుస్తుంది. ఈ సంగతి ఒక్క ఫోన్ కాల్‌తో తెలిసిపోతుంది. రెండోవారు డాలస్‌లో ఉన్న ఇంజినీరు, కారణం గడియారం. భారత్‌లో ఉదయం 7 గంటలంటే డాలస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. ఆయనకు ఇబ్బంది లేదు, కానీ లండన్‌లో అప్పుడు అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. ఆ పూట పనికిరాదు. భారత్‌లో మధ్యాహ్నం 2 గంటలంటే డాలస్‌లో తెల్లవారుజాము మూడున్నర. అదీ కుదరదు. మూడు ఊళ్లలోనూ మనుషులు మేలుకుని, కాస్త తీరిగ్గా ఉండే వేళ ఒక్కటే మిగులుతుంది. అది భారత్‌లో సాయంత్రం ఆరు నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా. డాలస్‌లో అది ఉదయం ఏడున్నర నుంచి 11, లండన్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి 4.

ఇప్పుడు ఈ రెండు పరిమితులనూ కలిపి చూడాలి. ఆదివారం క్లినిక్ లేదు కాబట్టి ఆరింటికే మొదలుపెట్టవచ్చు. శనివారం, మామూలు రోజుల్లో డాక్టరు ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటుతుంది కాబట్టి ఎనిమిదిన్నర పెట్టాలి. మార్చి 19 గురువారం ఉగాది, కాబట్టి ఆ రోజును, దాని ముందురోజును కదపకూడదు. ఇలా జల్లెడ పట్టాక శని, ఆదివారాలు రెండేసి, మామూలు రోజు ఒకటి తేలతాయి. మామూలు రోజున డాలస్, లండన్ రెండు చోట్లా ఆఫీసు వేళే అయినా దాన్ని ఉంచడానికి కారణం ఉంది. ఒకరు వరుసగా రెండు వారాంతాలూ ఊళ్లో లేకపోతే మిగతా నాలుగు సమయాలూ ఒకేసారి పోతాయి.

అయిదే ఎందుకు? చిన్న లెక్క ఉంది. ముందే జల్లెడ పట్టారు కాబట్టి, ఇచ్చిన ఏ సమయమైనా ఒక్కో మనిషికి అయిదింట నాలుగు వంతులు కుదిరే అవకాశం ఉందనుకుందాం. అయినా ఒకే ఒక్క సమయం ఇస్తే అది నలుగురికీ కుదిరే అవకాశం వందకు 41 మాత్రమే. మూడు సమయాలిస్తే వాటిలో కనీసం ఒకటి నలుగురికీ కుదిరే అవకాశం 79కి పెరుగుతుంది. అయిదిస్తే 93. ఎనిమిది ఇచ్చినా 98 దాటి పెద్దగా పోదు, కానీ చదివి చూసుకోవాల్సినవి మరో మూడు పెరుగుతాయి. అందుకే నలుగురైదుగురిని పిలిచేటప్పుడు నాలుగు నుంచి ఆరు సమయాల మధ్య ఆగడం మంచిది. ఈ లెక్క ఒక సమయానికీ మరో సమయానికీ సంబంధం లేదని అనుకుని వేసింది. ఒకే శనివారం మీద అయిదు గంటలు ఇస్తే అవి అయిదు అవకాశాలు కావు. ఆ రోజు పెళ్లికి వెళ్లే మనిషికి అయిదూ ఒకేసారి పోతాయి.

జల్లెడ పట్టకుండా నోటికొచ్చిన వేళలు రాస్తే ఏమవుతుందో కూడా ఇదే లెక్క చెబుతుంది. ఒక్కో మనిషికి కుదిరే అవకాశం సగానికి పడిపోతే, అయిదు సమయాలిచ్చినా నలుగురూ కలిసే అవకాశం వందకు 28 మాత్రమే. అంటే డాక్టరుకు చేసిన ఆ ఒక్క ఫోన్ కాల్, గడియారాలు చూసుకున్న ఆ పది నిమిషాలు ఇంకో అయిదు సమయాలు చేర్చినదాని కంటే ఎక్కువ పనిచేస్తాయి.

గడియారాల దగ్గర మార్చి నెలకు ప్రత్యేకమైన ఉచ్చు ఒకటి ఉంది. అమెరికాలో గడియారాలను మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరుపుతారు, బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం జరుపుతారు. భారత్‌లో ఈ మార్పే లేదు. 2026లో అమెరికా మార్పు మార్చి 8న, బ్రిటన్ మార్పు మార్చి 29న. అందువల్ల మార్చి 7 దాకా హైదరాబాద్‌కు, డాలస్‌కు తేడా పదకొండున్నర గంటలు, 8వ తేదీ నుంచి పదిన్నర గంటలు. లండన్‌తో తేడా 28 దాకా అయిదున్నర గంటలు, ఆ తర్వాత నాలుగున్నర. ఫిబ్రవరిలో వేసుకున్న లెక్కనే మార్చి 14కు వాడితే, భారత్‌లో రాత్రి ఎనిమిదిన్నరకు డాలస్‌లో ఉదయం తొమ్మిది అని మెయిల్‌లో పడుతుంది. నిజానికి అది పది. డాలస్ స్నేహితుడు శనివారం పూట గంట ముందే వచ్చి ఖాళీ తెర ముందు కూర్చుంటాడు. ఈ పొరపాటు జరగకూడదంటే తేడాను గుర్తుంచుకుని కూడటం, తీసివేయడం మానేసి, ఫోన్‌లోనో వెబ్‌లోనో మీటింగ్ తేదీనే ఇచ్చి ఆ రోజు మూడు ఊళ్లలోనూ ఎంతవుతుందో చూసుకోవాలి.

ఇంత పని అయ్యాక రాసే మెయిల్ చాలా చిన్నది. మార్చి 9 సోమవారం ఉదయం ఆమె పంపేది ఇలా ఉండవచ్చు:

విషయం: స్వర్ణోత్సవ సంచిక మీటింగ్ – కుదిరే నంబర్లు బుధవారం రాత్రి 9లోగా పంపగలరు

మాస్టారికి నమస్కారాలు. మిత్రులకు నమస్తే.

సంచికలో వ్యాసాల ఎంపిక, పేజీల సంఖ్య తేల్చడానికి 45 నిమిషాలు ఆన్‌లైన్‌లో కలుద్దాం. కింది వాటిలో మీకు కుదిరే అన్నిటి నంబర్లూ రాయండి.

1. మార్చి 14, శనివారం రాత్రి 8:30 (డాలస్ శని ఉదయం 10:00, లండన్ శని మధ్యాహ్నం 3:00)
2. మార్చి 15, ఆదివారం సాయంత్రం 6:00 (డాలస్ ఆది ఉదయం 7:30, లండన్ ఆది మధ్యాహ్నం 12:30)
3. మార్చి 17, మంగళవారం రాత్రి 8:30 (డాలస్ మంగళ ఉదయం 10:00, లండన్ మంగళ మధ్యాహ్నం 3:00)
4. మార్చి 21, శనివారం రాత్రి 8:30 (డాలస్ శని ఉదయం 10:00, లండన్ శని మధ్యాహ్నం 3:00)
5. మార్చి 22, ఆదివారం సాయంత్రం 6:00 (డాలస్ ఆది ఉదయం 7:30, లండన్ ఆది మధ్యాహ్నం 12:30)

జవాబు "1, 4, 5" ఇలా ఉంటే చాలు. ఇబ్బందైనా సర్దుకోగలననుకున్న నంబరుకు బ్రాకెట్ పెట్టండి: "1, 4, (5)". ఏదీ కుదరకపోతే "0" అని పంపండి.

జవాబు నాకొక్కదానికే పంపితే చాలు. మార్చి 11, బుధవారం రాత్రి 9 (డాలస్ ఉదయం 10:30, లండన్ మధ్యాహ్నం 3:30) దాకా ఈ అయిదు సమయాలూ ఖాళీగా ఉంచండి. ఏది ఖరారైందో గురువారం ఉదయం చెబుతాను.

ఇందులో ప్రతి మాటకూ ఒక పని ఉంది. మెయిల్ తెరవకముందే ఏం చేయాలో, ఎప్పటిలోగా చేయాలో విషయం వరుసలోనే తెలిసిపోతుంది. మీటింగ్ ఎంతసేపో చెప్పకపోతే డాక్టరు గంటన్నర అనుకుని శనివారాన్ని కొట్టేసే ప్రమాదం ఉంది. కారణం ఒక్క వాక్యంలో చెప్పి ఆపడం కూడా కావాలనే చేసింది. వ్యాసాల జాబితా, సంచిక చరిత్ర, విరాళాల ప్రస్తావన ఇక్కడే మొదలుపెడితే జవాబులు వాటి మీదికి మళ్లుతాయి, తేదీ అలాగే ఉండిపోతుంది.

తేదీ పక్కన వారం రాయడం అలవాటు కొద్దీ చేసే పని కాదు, అది తనిఖీ. "మార్చి 14, ఆదివారం" అని పొరపాటున పడితే నలుగురిలో ఎవరో ఒకరు "14 శనివారం కదా" అని వెంటనే అడుగుతారు. వట్టి "14" అని రాస్తే ఆ పొరపాటు ఎవరికీ కనిపించదు. నెల పేరును అక్షరాల్లో రాయడానికీ ఇలాంటి కారణమే ఉంది. గడువును 11/3 అని రాస్తే తెనాలిలో దాన్ని మార్చి 11 అని చదువుతారు, అమెరికా పద్ధతికి అలవాటు పడిన మనిషి నవంబర్ 3 అని చదువుతాడు. "వచ్చే శనివారం" అన్నదీ నమ్మదగింది కాదు. సోమవారం నాడు చదివినవారికి అది అదే వారంలోని శనివారమా, ఆ పై వారంలోదా అన్న అనుమానం వస్తుంది. శుక్రవారం దాకా మెయిల్ తెరవనివారికి అర్థమే మారిపోతుంది.

ఈ అయిదు వరుసలనూ టేబుల్‌గానో, బొమ్మగానో పెట్టడం కంటే మామూలు వరుసలుగా రాయడమే మేలు. టేబుల్ కంప్యూటర్‌లో అందంగా కనిపిస్తుంది. ఫోన్‌లో మాత్రం పక్కకు జరిపితే తప్ప చివరి గడి కనబడదు. ఇక బొమ్మను జూమ్ చేసి చదవాల్సి వస్తుంది.

గడువు మూడు రోజుల్లోపే ఎందుకంటే, జవాబిచ్చినవారి మీద ఆ రోజుల్లో ఒక భారం ఉంటుంది. "1, 2, 4" అని రాసిన డాక్టరు ఆ మూడు వేళలకూ వేరే పని ఒప్పుకోకుండా ఆపుకుంటారు. ఒక్క మీటింగ్ కోసం మూడు సాయంత్రాలను వారం పాటు ఖాళీగా ఉంచమంటే ఎవరికైనా కష్టమే. నాలుగో రోజుకల్లా ఆ మాట చెల్లదు కూడా. ఎక్కువ గడువిస్తే జవాబులు ఎక్కువగా వస్తాయన్న ఆశ ఇక్కడ పనిచేయదు. ముందు వచ్చిన జవాబులు పాతబడతాయి.

జవాబులు తనకొక్కదానికే పంపమనడం వల్ల మిగతావారి మెయిల్ పెట్టె నిండదు. అందరికీ జవాబు పంపే పద్ధతిలో నలుగురు జవాబిస్తే ఒక్కొక్కరికీ మిగతా ముగ్గురి జవాబులూ వస్తాయి. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. మాస్టారు "నాకు ఆదివారమే బాగుంటుంది" అన్నారని తెలిస్తే, ఆ తర్వాత జవాబిచ్చే పూర్వ విద్యార్థులు తమకు కుదరకపోయినా ఆదివారానికే తలూపుతారు, చివరి నిమిషంలో రాలేకపోతారు. పెద్దల మాట వినకముందు ఇచ్చిన జవాబే నిజమైన జవాబు. అయితే ఎవరెవరిని పిలిచారో అందరికీ కనిపించాలి. కాబట్టి చిరునామాలు దాచాల్సిన పని లేదు.

బుధవారం సాయంత్రానికి మూడు జవాబులు వచ్చాయనుకుందాం. డాలస్ నుంచి "1, 4, 5". లండన్ నుంచి "1, 2, 5". డాక్టరు నుంచి "1, 2, 4". మాస్టారి దగ్గర్నుంచి ఏమీ రాలేదు.

ఇక్కడే చాలామంది "జవాబు రాలేదంటే ఏదైనా సరేనన్నమాట" అని ముందుకు వెళతారు. మౌనానికి అలా అర్థం చెప్పుకోవడం చాలాసార్లు తప్పవుతుంది. ఆ మెయిల్ ఆయన చూడనే లేదేమో. మరో గుర్తుచేసే మెయిల్ పంపినా అదే పెట్టెలో పడుతుంది. కాబట్టి దారి మార్చాలి, ఫోన్ చేయాలి. ఫోన్‌లో మళ్లీ "ఎప్పుడు వీలవుతుంది మాస్టారూ?" అని అడగకుండా అయిదు సమయాలూ చదివి వినిపించాలి. ఆయన ఇలా అన్నారనుకుందాం: "ఆదివారాలు రెండూ బాగానే ఉన్నాయమ్మా. రాత్రిపూట త్వరగా పడుకుంటాను. తప్పదంటే ఆ మొదటి శనివారం ఒక్కరోజుకు మేలుకుంటాలే." దాన్ని ఆమె "(1), 2, 5" అని రాసుకుంటుంది.

నాలుగు వరుసలూ ఒకదాని కింద ఒకటి పెడితే విషయం తేలిపోతుంది. రెండో సమయానికి డాలస్ లేదు. మూడోది ఎవరికీ కుదరలేదు. నాలుగోదానికి లండన్, మాస్టారు లేరు. అయిదోదానికి డాక్టరు లేరు. మొదటిది ముగ్గురికి హాయిగా, ఒకరికి కాస్త ఇబ్బందిగా ఉన్నా నలుగురికీ కుదిరింది. బ్రాకెట్ అన్న వెసులుబాటు ఇవ్వకపోతే మాస్టారి జవాబు వట్టి "2, 5" అయ్యేది. అప్పుడు అయిదింటిలో ఒక్కటీ మిగిలేది కాదు, మళ్లీ మొదటికి రావాల్సి వచ్చేది. కుదురుతుంది, కుదరదు అన్న రెండింటికీ మధ్య ఒక మెట్టు ఉండటం వల్ల కలిగిన మేలు ఇది. మెట్లు ఇంకా పెంచి ఇష్టాలకు మార్కులు వేయమంటే మాత్రం జవాబు మళ్లీ కూర్చుని రాయాల్సిన పనిగా మారుతుంది.

గురువారం ఉదయం వెళ్లే ఖరారు మెయిల్‌లో రెండు విషయాలు ఉండాలి. మొదటిది "మార్చి 14, శనివారం రాత్రి 8:30" అని మూడు ఊళ్ల వేళలతో పాటు మీటింగ్ లింకు. రెండోది చాలామంది మరిచిపోయే మాట: "మిగతా నాలుగు సమయాలూ ఇక వదిలేయవచ్చు." డాక్టరు ఆపుకున్న రెండు సాయంత్రాలు అప్పుడే విడుదలవుతాయి. దాంతో పాటే క్యాలెండర్ ఆహ్వానం పంపాలి. గూగుల్, మైక్రోసాఫ్ట్, ఆపిల్ క్యాలెండర్లన్నీ అర్థం చేసుకునే ఉమ్మడి పద్ధతి ఒకటి 1998 నుంచి ఉంది. ఆ ఆహ్వానం ఏ దేశంలో తెరిచినా అక్కడి స్థానిక సమయంలోనే కనిపిస్తుంది. గడియారాలు జరిపిన సంగతిని క్యాలెండరే చూసుకుంటుంది. మరి ఈ ఆహ్వానాలనే మొదట అయిదు సమయాలకూ పంపేస్తే? అందరి క్యాలెండర్లలో అయిదు మీటింగులు పడతాయి, తర్వాత నాలుగు రద్దు నోటీసులు వస్తాయి, ఏది అసలుదో తెలియక ఎవరో ఒకరు తప్పు రోజున వస్తారు. ఆహ్వానం ఖరారయ్యాకే పంపడం నయం.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. ఒకే ఆఫీసులో అందరి క్యాలెండర్లూ అందరికీ కనిపించే ఏర్పాటు ఉంటే అడగాల్సిన పనే లేదు, ఖాళీ చూసి నేరుగా ఆహ్వానం పంపవచ్చు. పిలవాల్సినవారు పదిమంది దాటితే నంబర్ల జవాబులు చేత్తో పేర్చడం కష్టం. పైగా అంతమందికీ కుదిరే వేళ దొరకడమే అరుదు. పైన వేసిన లెక్కే పదిమందికి వేస్తే ఒక్కో సమయం అందరికీ కుదిరే అవకాశం వందకు 11కు తగ్గుతుంది. అలాంటప్పుడు స్విట్జర్లాండ్‌లో పుట్టిన డూడుల్ లాంటి ఓటింగ్ పేజీలు గానీ, వాట్సాప్ పోల్ గానీ సాయపడతాయి. వాట్సాప్ పోల్‌లో 12 దాకా సమయాలు పెట్టవచ్చు. కానీ గ్రూప్ పోల్‌లో ఎవరు దేనికి ఓటేశారో అందరికీ కనిపిస్తుంది, మాస్టారి ఓటు చూసి వేసే చిక్కు మళ్లీ వస్తుంది. ఎవరు లేకపోతే మీటింగ్‌కు అర్థం ఉండదో ముందే తేల్చుకుని, ఆ ముగ్గురు నలుగురికి కుదిరే సమయాన్ని ఖాయం చేసి, మిగతావారిని దానికి ఆహ్వానించడమే పెద్ద బృందాలకు దారి.

నలుగురిలోనే ఏదీ కుదరకపోతే మరో అయిదు సమయాలు గుడ్డిగా పంపకూడదు. వచ్చిన జవాబులే దారి చూపిస్తాయి. ఉదాహరణకు డాలస్ జవాబుల్లో శనివారాలు రెండూ ఉండి, మాస్టారి జవాబుల్లో ఆదివారాలే ఉంటే, అడ్డంకి ఆ ఇద్దరి మధ్యే ఉందని అర్థం. అప్పుడు డాక్టరును, లండన్ లెక్చరర్‌ను మళ్లీ కదపకుండా ఆ ఇద్దరితోనే మాట్లాడాలి. మాస్టారికి ఎనిమిదిన్నర ఆలస్యమైతే, ఒక్క శనివారం క్లినిక్ గంట ముందే ముగించగలరా అని డాక్టరును అడగవచ్చు. శనివారం రాత్రి ఏడున్నర అంటే డాలస్‌లో ఉదయం తొమ్మిది, లండన్‌లో మధ్యాహ్నం 2. ఆ ఒక్క సమయాన్నే రెండో మెయిల్‌లో పెట్టి, "ఇది కుదురుతుందా? అవును లేదా కాదు అని రాస్తే చాలు" అని అడిగితే సరిపోతుంది.